ఆరడుగులు దాటినవాళ్లకు ఏ బైకు? సీటు ఎత్తు చెప్పని సంగతులు

పొడుగాటి మనిషి బైకు కొనడానికి వెళ్తే షోరూములో మొదట చూపించేది సీటు ఎత్తు. బ్రోచర్‌లో అంత ప్రముఖంగా కనిపించే కొలత మరొకటి ఉండదు కాబట్టి, "మీ హైటుకు ఇదే కరెక్ట్ సార్" అనే మాట కూడా దాని మీదే నడుస్తుంది. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో మూడు బండ్లు పక్కపక్కన పెట్టి చూడండి. యమహా ఆర్15 సీటు నేల నుంచి 815 మి.మీ. హీరో స్ప్లెండర్‌ది 785. రాయల్ ఎన్‌ఫీల్డ్ మెటియోర్ 350ది 765. సీటు ఎత్తే కొలమానమైతే పొడుగు మనిషికి ఈ మూడింటిలో అన్నిటికంటే హాయిగా ఉండాల్సింది ఆర్15. తిరుపతిలో ఎక్కి చెన్నై దాకా దాని మీద వెళ్లొచ్చిన ఆరడుగుల కుర్రాణ్ని ఎవరినైనా అడగండి. పుత్తూరు దాటేసరికే మోకాళ్లు, నగరి దాటేసరికి మణికట్లు పట్టేశాయని చెబుతాడు.

సీటు ఎత్తు పనికొచ్చేది బండి ఆగినప్పుడు. సిగ్నల్ దగ్గర, వాలులో, వెనక్కి నెట్టుకునేటప్పుడు కాలు నేలకు ఆనుతుందా లేదా అన్నదే అది చెబుతుంది. పొట్టివాళ్లకు అది నిజంగా పెద్ద విషయం. పొడుగువాళ్లకు ఏ బండి మీదైనా కాళ్లు ఆనుతాయి కాబట్టి వాళ్లకు ఆ అంకెతో పెద్దగా పనిలేదు. బండి కదిలిన తర్వాత శరీరం మూడు చోట్ల బండిని పట్టుకుని ఉంటుంది. పిర్రలు సీటు మీద, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద, చేతులు హ్యాండిల్ మీద. ఈ మూడింటి మధ్య ఉన్న దూరాలే నాలుగైదు గంటల ప్రయాణం ఎలా ఉంటుందో తేలుస్తాయి. అందులోనూ పొడుగువాళ్లకు ప్రాణం సీటుకూ ఫుట్‌రెస్ట్‌కూ మధ్య దూరం. బ్రోచర్‌లో వెతికినా అది దొరకదు.

ఆ దూరం ఎంత తేడా తెస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. తుంటి కీలు నుంచి మోకాలికి ఒక పొడవు, మోకాలి నుంచి బూటు అడుగుకు ఇంకో పొడవు. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి ఇవి ఇంచుమించు 41, 48 సెంటీమీటర్లు ఉంటాయి. ఆరడుగుల రెండంగుళాల మనిషికి 46, 53. ఒకే బండి మీద ఇద్దరినీ కూర్చోబెట్టి, తుంటి కీలు నుంచి ఫుట్‌రెస్ట్ దాకా సూటిగా 60 సెంటీమీటర్లు ఉందనుకుంటే, మొదటి మనిషి మోకాలు 84 డిగ్రీల దగ్గర వంగుతుంది, రెండో మనిషిది 74 డిగ్రీల దగ్గర. అంటే మొదటివాడు కుర్చీలో కూర్చున్నట్టే ఉంటాడు, రెండోవాడి కాళ్లు ముడుచుకుపోయి ఉంటాయి. మోకాలు 90 డిగ్రీల దాకా తెరుచుకోవాలంటే పొట్టి మనిషికి 63 సెంటీమీటర్లు చాలు, పొడుగు మనిషికి 70 కావాలి. ఏడు సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడంగుళాలు. పొడుగు మనిషి బండి ఎంచుకోవడమంటే ఈ మూడంగుళాలు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కోవడమే. నా అనుభవంలో 90 దాటితే గంటల తరబడి కూర్చోవచ్చు. 80కి దిగువన గంట గడిచిందంటే కాలు కదపకుండా ఉండటం కష్టం.

ఇక కమ్యూటర్, స్పోర్ట్, క్రూయిజర్, అడ్వెంచర్ అనే నాలుగు రకాల బండ్లూ ఆ మూడంగుళాలను ఎలా ఇస్తాయో, ఎలా ఇవ్వవో చూద్దాం. మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. వీలు దొరికినప్పుడల్లా బండి మీదే తిరుపతి వస్తుంటాడు. చంద్రగిరి, పూతలపట్టు, చిత్తూరు, బంగారుపాళెం, మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు, కోలారు, ఒక వైపు సుమారు 250 కిలోమీటర్లు. ఐదు గంటల పని. బండి మార్చాలని నిర్ణయించుకున్నాక టేపు పట్టుకుని ఇద్దరం షోరూములన్నీ తిరిగాం. ఇక్కడ రాసేదంతా ఆ దారినీ ఆ మనిషినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నదే.

అప్పటిదాకా వాడు నడిపింది 125 సీసీ కమ్యూటర్ బండి. "అన్నా, నడుం బాగానే ఉంది, మోకాళ్లే పట్టేస్తా ఉండాయి. పలమనేరు వచ్చేలోపు ఒకసారన్నా బండి నిలబెట్టి కాళ్లు చాపాల్సిందే" అనేవాడు. కమ్యూటర్ల గురించి చెప్పాల్సినదంతా ఆ మాటలోనే ఉంది. హ్యాండిల్ దగ్గరగా, కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి నడుము నిటారుగా నిలుస్తుంది. ఆ కూర్చునే తీరుకు వంక పెట్టలేం, వెన్నుకు అది మంచిదే. ఇబ్బందల్లా ఈ బండ్లు ఇంటిల్లిపాదీ ఎక్కేలా, సగటు మనిషి కొలతలకు తయారవడం. సీటూ ఫుట్‌రెస్టూ దగ్గరగా ఉంటాయి. పొడుగు మనిషి ఆ మూడంగుళాల కోసం తెలియకుండానే సీటు మీద వెనక్కి జరుగుతాడు. ఒంటరిగా ఉంటే సర్దుకుంటుంది, వెనక ఎవరైనా ఎక్కితే ఆ చోటు కూడా పోతుంది.

కమ్యూటర్‌తో రెండో ఇబ్బంది సీటులోని ఫోము. అది మెత్తగా ఉంటుంది, షోరూములో ఐదు నిమిషాలు కూర్చుంటే బ్రహ్మాండం అనిపిస్తుంది. ఎనభై, తొంభై కిలోల మనిషి గంటసేపు కూర్చుంటే ఆ ఫోము పూర్తిగా అణిగిపోయి, కింద ఉన్న సీటు పలక మీదే కూర్చున్నట్టవుతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. సీటు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. అడుగున గట్టి పలక వేలికి తగిలితే ఆ సీటు దూరానికి పనికిరాదు. మూడోది ఇంజను. నూరు, నూట పాతిక సీసీ ఇంజను డెబ్బై ఎనభైలో గంటల తరబడి పోవాలంటే ఎక్కువ తిరగాలి, ఆ అదురు హ్యాండిల్‌లోకీ ఫుట్‌రెస్టుల్లోకీ పాకుతుంది. చిత్తూరు నుంచి కాణిపాకానికో, తిరుపతి నుంచి శ్రీకాళహస్తికో అయితే ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. రోజూ అలాంటి దూరాలే అయితే కమ్యూటర్ అమ్మి వేరే బండి కొనమని నేను చెప్పను.

స్పోర్ట్ బండ్ల సంగతి త్వరగా ముగించవచ్చు. వాటిలో ఫుట్‌రెస్టులు పైకీ వెనక్కీ ఉంటాయి. మలుపులో బండిని బాగా వంచినా ఫుట్‌రెస్ట్ రోడ్డుకు రాసుకోకూడదని అలా పెడతారు. సీటు 815 ఉన్నా పాదాలు కూడా అంత ఎత్తుకు వచ్చేశాయి కాబట్టి పొడుగు మనిషికి దక్కిందేమీ లేదు. హ్యాండిల్ కిందకు ఉండటం వల్ల ఒంటి పైభాగం బరువు అరచేతుల మీదకు వస్తుంది. వేగం బాగా పెరిగితే ఎదురుగాలి ఛాతీని ఎత్తి ఆ బరువు కొంత మోస్తుంది. మన రోడ్ల మీద డెబ్బై ఎనభైలో పోయేటప్పుడు ఆ గాలి సాయం చాలదు, మోయాల్సింది మణికట్లే. ఘాట్ దిగేటప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. తిరుమల నుంచి కిందకు వచ్చేటప్పుడు ప్రతి మలుపుకూ బ్రేకు వేయాలి, వేసిన ప్రతిసారీ ఒళ్లంతా ముందుకొచ్చి చేతుల మీద వాలుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేయి అంచున పోయే నరం నలుగుతున్నట్టు. చెయ్యి విదిలించి ముందుకు పోవడం కాదు, అప్పుడు బండి ఆపాలి. పొడుగు మనిషికి దూరప్రయాణానికి ఈ రకం వద్దనే నా మాట.

అసలు తికమక క్రూయిజర్ దగ్గర మొదలవుతుంది. దూరప్రయాణం అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. కాళ్లు ముందుకు చాపుకుని, ఈజీ చైర్‌లో వాలినట్టు కూర్చోవచ్చని ఆశ. పొడుగు మనిషి మోకాళ్లకు అది నిజంగానే మేలు చేస్తుంది, ఎందుకంటే మూడంగుళాల దూరం కిందకే ఉండాలన్న నియమం లేదు, ముందుకు ఉన్నా సరిపోతుంది. బజాజ్ అవెంజర్ 220 క్రూయిజ్ సీటు 737 మి.మీ. మాత్రమే. మన దగ్గర అందే బండ్లలో అంత కిందకు ఉన్నవి తక్కువ. అయినా పాదాలు బాగా ముందుకు ఉంటాయి కాబట్టి మావాడి మోకాళ్లు దాని మీద తేలిగ్గానే తెరుచుకున్నాయి. మెటియోర్‌లో పాదాలు ముందుకే ఉన్నా అంత ముందుకు కాదు. సీటు కిందకు ఉంది, పాదాలు ఓ మోస్తరు ముందుకు ఉన్నాయి. ఫలితంగా మావాడు కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి లేచాయి.

మోకాళ్లు పైకి లేచినప్పుడు ఏం జరుగుతుందో పక్కనుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. తొడలు సీటును వదిలేస్తాయి. మామూలుగా తొడలకూ పిర్రలకూ పంచాల్సిన బరువంతా పిర్రల వెనక భాగానికే చేరుతుంది. కటి వెనక్కి వాలి, నడుము కింది భాగం గుండ్రంగా వంగుతుంది. కాళ్లు బాగా ముందుకు చాపినా ఇదే జరగవచ్చు. తొడ వెనక కండరాలు బిగుతుగా ఉన్నవాళ్లకు, అంటే రోజంతా ఆఫీసులో కూర్చునే చాలామందికి, కాలు చాపగానే ఆ కండరాలు కటిని కిందకు లాగుతాయి. ఎలా చూసినా బరువు వెన్నెముక తోక మీదకు వచ్చి పడుతుంది. గంటన్నర అయ్యాక "సీటు గుచ్చుకుంటోంది" అనేది ఈ చోటు గురించే. చాలామంది జెల్ సీటు వేయించి సరిపెట్టుకోవాలని చూస్తారు. బరువు పడే చోటు మారనంతకాలం దానివల్ల ఓ అరగంట ఊరట తప్ప ఎక్కువ రాదు.

క్రూయిజర్‌తో ఇంకో చిక్కు గుంతల దగ్గర. పాదాలు ఒంటికి సరిగ్గా కింద ఉంటే, స్పీడ్ బ్రేకర్ కనబడగానే ఫుట్‌రెస్టుల మీద కాస్త బరువు మోపి సీటు మీంచి అంగుళం లేస్తాం. దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. పాదాలు ముందుకు ఉన్నప్పుడు అలా లేవడం కుదరదు. కుర్చీలో కూర్చుని, కాళ్లు ముందుకు చాపి, చేతులు ఆనించకుండా లేవడానికి ప్రయత్నించండి, ఎందుకు కుదరదో తెలుస్తుంది. కాబట్టి ప్రతి దెబ్బా నేరుగా వెన్నులోకి పోతుంది. హైవే మీద ఊళ్ల దగ్గర వరుసగా వేసే రంబుల్ స్ట్రిప్పుల మీద ఇది బాగా తెలుస్తుంది. పైగా వెనక్కి వాలి చేతులు చాపిన పొడుగు మనిషి ఛాతీ గాలికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. గాలి వెనక్కి నెడుతుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది, భుజాలు నొప్పెడతాయి. అరవై డెబ్బైలో నిదానంగా, దారిలో ఆగుతూ పోయేవాళ్లకు క్రూయిజర్ బాగుంటుంది. రోడ్డు నున్నగా ఉంటే ఇంకా బాగుంటుంది. బెంగళూరు చేరాలన్న పనితో ఐదు గంటలు ఒకే ఊపులో పోయేవాడికి, అదీ ఆరడుగులు దాటినవాడికి, నేను దాన్ని మొదటి ఎంపికగా చెప్పను.

మిగిలింది అడ్వెంచర్ బండి. కంకర దారుల్లో పోవడానికి చేసిన బండి తారు రోడ్డు మీద పొడుగు మనిషికి ఎందుకు నప్పుతుందన్నది తెలుసుకోదగ్గ సంగతి. రాళ్ల మీద పోవాలంటే చక్రం చాలా పైకీ కిందకీ ఆడాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450లో ముందూ వెనకా 200 మి.మీ. ఆట ఉంది. మెటియోర్‌లో ముందు ఫోర్కుకు 130. అంత ఆట ఇవ్వాలంటే బండి మొత్తం పైకి లేవాలి, సీటు కూడా దాంతోపాటే లేస్తుంది. దీని సీటు 825 మి.మీ., కావాలంటే 845కి పెంచుకునే ఏర్పాటు ఉంది. రాళ్ల మీద నిలబడి నడపాలి కాబట్టి ఫుట్‌రెస్టులు ఒంటికి సరిగ్గా కింద, మరీ ఎత్తుకు పోకుండా ఉంటాయి. నిలబడినప్పుడు అందాలి కాబట్టి హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. ఇవన్నీ మట్టిదారి కోసం చేసినవే. ఆ మూడంగుళాలు మాత్రం అనుకోకుండా పొడుగు మనిషికి కలిసొచ్చాయి.

ఆర్15, హిమాలయన్ సీట్ల మధ్య తేడా పది మిల్లీమీటర్లే, అంటే సెంటీమీటరు. కూర్చుంటే మాత్రం రెండూ రెండు లోకాలు. సీటు ఎత్తు ఒక్కటీ ఏమీ చెప్పదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

షోరూములో మేం పరీక్షించిన పద్ధతి ఎవరైనా చేసుకోవచ్చు. రోజూ వేసుకునే బూట్లతో, హెల్మెట్‌తో వెళ్లాలి. బండిని ఒకరు నిటారుగా పట్టుకోవాలి. సైడ్ స్టాండ్ మీద వంగి ఉంటే కొలతలు తప్పుతాయి. రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చున్నాక, ఇంకొకరు సీటు ఎత్తులో ఫోను పట్టుకుని సరిగ్గా పక్కనుంచి ఫొటో తీయాలి. ఆ ఫొటోలో తుంటి, మోకాలు, మడమ కలుపుతూ గీతలు గీస్తే మోకాలి కోణం కనిపిస్తుంది, స్కూలు పిల్లల కోణమానిని పెట్టి కొలవవచ్చు. మోకాలు తుంటి కంటే పైన ఉందా కింద ఉందా అన్నది కూడా అదే ఫొటో చెబుతుంది. తర్వాత హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పాలి. గ్రిప్పు మోకాలికి తగిలితే పార్కింగ్‌లో, ఘాట్ మలుపులో ఇబ్బందే. పదకొండో నంబరు బూటు గేర్ లివర్ కిందకు దూరుతుందో లేదో కూడా చూసుకోవాలి, ఇది చాలామంది మరిచిపోతారు. చివరగా ఫోన్ జేబులో పెట్టేసి పావుగంట అలాగే కూర్చోవాలి. సేల్స్ కుర్రాడు తొందరపెడతాడు, పట్టించుకోవద్దు. మెటియోర్ మీద పన్నెండో నిమిషానికే మావాడు వెనక్కీ ముందుకూ జరగడం మొదలుపెట్టాడు.

అడ్వెంచర్‌కు లోపాలు లేవా అంటే ఉన్నాయి. హిమాలయన్ బరువు 196 కిలోలు, ఆ బరువు ఎత్తులో ఉంటుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లో జనం మధ్య తిప్పాలంటే చెయ్యి తిరిగి ఉండాలి. అంతకంటే పెద్ద ఇబ్బంది వెనక కూర్చునేవాళ్లది. వెనక సీటు నడిపేవాడి సీటు కంటే ఇంకా ఎత్తు. మా పెద్దమ్మ చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంటుంది. ఆ బండి ఎక్కాలంటే దాన్ని ఇంటి అరుగు పక్కకు తెచ్చి నిలబెట్టాలి, అరుగు మీంచే ఆమె ఎక్కుతుంది. దిగేచోట అరుగు దొరక్కపోతే మావాడి భుజం పట్టుకుని దిగాలి. ఇంట్లో పెద్దవాళ్లను రోజూ గుడికో ఆసుపత్రికో తీసుకెళ్లే బండి అదొక్కటే అయితే ఈ విషయం ముందే ఆలోచించుకోవాలి. అలాంటి ఇంటికి క్లాసిక్ 350, హోండా సీబీ350 లాంటి నిటారు బండ్లు మధ్యేమార్గం. సీటు 800 దగ్గర, పాదాలు ఇంచుమించు ఒంటి కింద. మూడంగుళాలూ రావు గానీ కొంత వస్తుంది.

మావాడు చివరికి అడ్వెంచర్ బండే తీసుకున్నాడు, సీటును పై స్థానంలో పెట్టించాడు. ఆ రెండు సెంటీమీటర్లు మోకాలికి మూడు డిగ్రీలు ఇచ్చాయి. ఉన్న బండినే సర్దుకోవాలనుకునేవాళ్లు కూడా ఇదే దారి పట్టవచ్చు. సీట్లు కుట్టే అంగడిలో గట్టి ఫోముతో సీటును అంగుళం పెంచమంటే నాలుగు డిగ్రీల దాకా వస్తుంది. ఫుట్‌రెస్ట్ మరీ ముందుకు ఉన్న బండ్లలో అంత రాదు, ఎందుకంటే సీటు పైకి లేచినా ముందుకున్న దూరం పెరగదు. ఫుట్‌రెస్టులు కిందకు దించే బ్రాకెట్లు కూడా దొరుకుతాయి గానీ జాగ్రత్త. అవి దించితే గేర్ లివర్, బ్రేక్ పెడల్ కూడా దించాలి, మలుపులో వంగినప్పుడు రోడ్డుకు ముందు తగిలేది కూడా అవే. మొగిలి ఘాట్ లాంటి చోట అది ఆటకాదు. హ్యాండిల్‌ను రైజర్లతో పెంచితే రెండు వైపులా పూర్తిగా తిప్పి, క్లచ్ కేబులూ బ్రేక్ పైపూ బిగుసుకోవడం లేదని చూసుకోవాలి. సీటు పెంచినప్పుడు హ్యాండిల్ మీదకు వంగాల్సి వస్తుంది కాబట్టి ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి చేయాల్సినవే, ముందు సీటు, తర్వాత హ్యాండిల్.

మోకాళ్ల సమస్య తీరాక మావాడికి కొత్తగా తల నొప్పి మొదలైంది. ఎనభై దగ్గర హెల్మెట్ అదరడం, చెవుల్లో హోరు. ఇది పొడుగువాళ్లకే ప్రత్యేకంగా వచ్చే బాధ. ముందున్న గాలి అద్దం గాలిని పైకి విసురుతుంది. మామూలు ఎత్తు మనిషికి ఆ గాలి తల పైనుంచి పోతుంది, లేదా అద్దం పొట్టిదైతే ఛాతీకి నున్నగా తగులుతుంది. పొడుగు మనిషికి అద్దం అంచు దగ్గర సుడి తిరిగే గాలి సరిగ్గా హెల్మెట్‌కే వచ్చి కొడుతుంది. కనిపెట్టడానికి ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో, చూపు దారి మీంచి తిప్పకుండా మెడ కాస్త దించి చూడాలి, తర్వాత ఫుట్‌రెస్టుల మీద రెండంగుళాలు లేచి చూడాలి. తల దించితే హోరు తగ్గితే అద్దం ఆ మేరకు పొడుగు కావాలి. లేచినప్పుడు తగ్గితే పొట్టి అద్దమే మేలు, కొన్నిసార్లు అద్దం మొత్తం తీసేయడమే మేలు. ఛాతీకి గాలి ఎక్కువ తగిలినా అది నిలకడైన గాలి, తలను అదరగొట్టదు. మావాడికి లేచినప్పుడే హోరు తగ్గింది. అద్దం తీసి ఇంట్లో పెట్టాడు. వానాకాలంలో మాత్రం మళ్లీ బిగించుకుంటాడు, అప్పుడు డెబ్బై దాటించడు.